పేరు పోయి ప్రశ్నార్థకాలు మిగిలాయి: రెండు రాష్ట్రాల ఐటీ శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఐటీ శాఖల అధికారులకు, ఆ శాఖల కోసం పోర్టళ్లు రాసిపెట్టే ప్రోగ్రామర్లకు,

నమస్కారం. నేను ఒక జిల్లా కేంద్రంలో డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతున్నాను. ఆఫీసులో తయారైన తెలుగు కాగితం జనం ఫోన్లలోకి, మెయిళ్లలోకి వెళ్లి పాడైపోయాక చివరికి వచ్చి చేరేది మాలాంటి షాపులకే. "అన్నా, ఆఫీసులో బాగానే కనపడిందట, నా ఫోన్లో డబ్బాలొచ్చాయి" అని ఒకరంటారు. "అన్నీ పిచ్చి గీతలే" అని ఇంకొకరు వస్తారు. వీళ్లు ఆఫీసుకు వెళ్లి అడిగితే దొరికే జవాబు మాత్రం ఒక్కటే: "మీ దగ్గర ఫాంటు లేదు, వేసుకోండి."

ఆ జవాబు ఒక్క రకం తెగులుకే పనికొస్తుంది. తెలుగు చెడిపోయే తీరులు నాలుగైదు ఉన్నాయి. తెర మీద ఏం కనబడుతోందో చూస్తే తప్పు ఎక్కడ జరిగిందో, అక్షరం బతికుందో లేదో చాలావరకు చెప్పేయొచ్చు. ఈ తేడా మీ శాఖల్లో కింది స్థాయి దాకా తెలియకపోవడం వల్ల బాగుచేయగలిగినవాటిని పారేస్తున్నారు, బాగుపడనివాటిని భద్రంగా దాస్తున్నారు.

డబ్బాలతో మొదలుపెడతాను, ఎందుకంటే ఇది అన్నిటికన్నా చిన్న జబ్బు. అక్షరం వచ్చింది, దాన్ని గీసే బొమ్మ ఆ యంత్రంలో లేదు, అంతే. విండోస్ ఎక్స్‌పీ కాలంలో గౌతమి ఫాంటు, విండోస్ 8 నుంచి Nirmala UI అందులోనే వస్తున్నాయి కాబట్టి మామూలు కంప్యూటర్లలో ఇది బాగా తగ్గింది. అప్పుడప్పుడు కొత్తగా చేరిన అక్షరాల దగ్గర కనబడుతుంది. నకారపొల్లుకు యూనికోడ్‌లో సొంత స్థానం దొరికింది 2021లో, 14.0 వెర్షన్‌తో. అంతకు ముందు వచ్చిన ఫాంటున్న ఫోనుకు దాన్ని పంపితే డబ్బానే కనబడుతుంది. ఆ డబ్బాను అలాగే కాపీ చేసి కొత్త ఫోనుకు పంపండి, అక్షరం లేచి కూర్చుంటుంది. అంటే డబ్బాలో అక్షరం పోలేదు. ఒక్క మినహాయింపు ఉంది. మీ సర్వరులో తెలుగు ఫాంటు లేకుండా అక్కడే సర్టిఫికెట్ పీడీఎఫ్ తయారైతే, ఆ డబ్బాలే కాగితం మీద అచ్చవుతాయి. అప్పుడు పౌరుడు తన కంప్యూటర్లో ఎన్ని ఫాంట్లు వేసుకున్నా లాభం లేదు. ఫాంటు వేసుకోవాల్సింది మీ సర్వరు.

ఇక పిచ్చి గీతలు. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే అసలు నష్టం ఇక్కడే మొదలవుతుంది.

యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ ఒక సంఖ్య ఉంది. ఫైల్లోకి వెళ్లేటప్పుడు ఆ సంఖ్యను యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లుగా రాస్తారు. తెలుగువి అన్నీ E0 B0 తోనో, E0 B1 తోనో మొదలవుతాయి. ఏ అక్షరమో రెండో, మూడో బైట్లు కలిసి చెబుతాయి. చదివే సాఫ్ట్‌వేరుకు "ఇది యూటీఎఫ్-8" అని ఎవరూ చెప్పకపోతే, అది పాత పశ్చిమ ఐరోపా పట్టిక Windows-1252 ప్రకారం ఒక్కో బైటును ఒక్కో అక్షరంగా చదివేస్తుంది. రాము అనే పేరు తీసుకోండి:

```
అక్షరం :  ర          ా          మ          ు
బైట్లు  :  E0 B0 B0   E0 B0 BE   E0 B0 AE   E0 B1 81
తెర మీద:  à  °  °    à  °  ¾    à  °  ®    à  ±  (ఖాళీ)
```

ఒక్కో తెలుగు అక్షరానికి మూడేసి గుర్తులు, వరసగా à° లేదా à± అని కనబడితే రోగం ఇదే. వేరే పరీక్ష అక్కర్లేదు. ఫాంటుకీ దీనికీ సంబంధమే లేదు.

ఇది ఎక్కువగా ఎలా జరుగుతుందో చెబుతాను. పోర్టల్లో లబ్ధిదారుల జాబితాను సీఎస్‌వీగా దించుకునే బటన్ ఒకటి ఉంటుంది. ఫైలు సరైన యూటీఎఫ్-8లోనే వస్తుంది. ఆఫీసులో దాని మీద రెండుసార్లు నొక్కుతారు, ఎక్సెల్ తెరుచుకుంటుంది. ఫైలు మొదట్లో EF BB BF అనే మూడు బైట్ల గుర్తు ఉంటే ఎక్సెల్ దాన్ని యూటీఎఫ్-8గా గుర్తిస్తుంది. లేకపోతే Windows-1252గా తీసుకుంటుంది. పేర్లన్నీ à°లు. అప్పటికింకా ఏమీ పోలేదు. సేవ్ చేయకుండా మూసేసి, ఖాళీ ఎక్సెల్ తెరిచి, Data మెనూలో From Text/CSV ఎంచుకుని, File Origin దగ్గర 65001: Unicode (UTF-8) పెడితే పేర్లన్నీ శుభ్రంగా వస్తాయి.

కానీ ఆఫీసులో పని ఆగదు కదా. ఆ గీతలున్న వరుసల్నే కాపీ చేసి మెయిల్లో పేస్ట్ చేస్తారు. లేదంటే వర్క్‌బుక్‌గా సేవ్ చేసి ఇంకో పోర్టల్లోకి ఎక్కిస్తారు. అప్పటిదాకా తప్పుగా చదవబడిన తెలుగు, ఇప్పుడు నిజంగానే à, °, ¾ అనే అక్షరాలైపోతుంది. రెండో పోర్టల్ దాన్ని ఎంతో నిజాయితీగా, ఒక్క బైటు పొల్లుపోకుండా దాచిపెడుతుంది. మెయిల్లో సరిగ్గా వెళ్తుంది, వాట్సాప్‌లో సరిగ్గా కనబడుతుంది, పీడీఎఫ్‌లో సరిగ్గా అచ్చవుతుంది. రాము మాత్రం లేడు.

దీన్ని వెనక్కి తిప్పొచ్చు అని మీ ప్రోగ్రామర్లు అంటారు. నిజమే, గీతల్ని మళ్లీ బైట్లుగా మార్చి యూటీఎఫ్-8గా చదివితే తెలుగు వస్తుంది. అయితే ఒక చిక్కుంది. Windows-1252 పట్టికలో అయిదు గళ్లకు అక్షరాలే లేవు: 81, 8D, 8F, 90, 9D. మన దురదృష్టం ఏమిటంటే కొమ్ము మూడో బైటు 81. ఒత్తు రావాలన్నా, పేరు చివర హల్లు రావాలన్నా తప్పనిసరిగా ఉండే పొల్లు గుర్తు మూడో బైటు 8D. ఏ, ఐ, ఝ అక్షరాలకు వరసగా 8F, 90, 9D. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఈ ఖాళీ గళ్లను కంటికి కనబడని గుర్తులుగానైనా మోసుకెళతాయి. చాలా వెబ్ ఫారాలు మాత్రం "కనబడనివి ఎందుకు, శుభ్రం చేద్దాం" అని వాటిని తుడిచేస్తాయి. అలా తుడిచాక ఏమవుతుందో చూడండి:

```
రాము →  à°°à°¾à°®à±
రామ్  →  à°°à°¾à°®à±
```

రెండూ ఒకటే. తండ్రి పేరు రాము, కొడుకు పేరు రామ్ అయితే ఈ వరుసల్లోంచి ఎవరెవరో చెప్పడం ఏ ప్రోగ్రామరుకూ సాధ్యం కాదు. తిరిగి తిప్పే ప్రోగ్రాము అక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది, లేదా నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం పెట్టి ఊరుకుంటుంది. భ అక్షరానిది ఇంకో తమాషా. దాని మూడో బైటు AD, ఆ పట్టికలో అది మామూలుగా కంటికి కనబడని హైఫను. భాస్కర్‌లు, భాగ్యలు తెర మీద ఒక గుర్తు తక్కువగా కనబడతారు, ఎందుకో ఎవరికీ తెలియదు. ఠ మూడో బైటు A0, అదొక రకం ఖాళీ. ఫారం దాన్ని మామూలు ఖాళీగా మార్చేస్తే ఠాగూర్ కూడా పోయినట్టే.

à°ల బదులు Ã, Â లు గుంపులుగా కనబడితే అదే తప్పు రెండోసారి కూడా జరిగిందన్నమాట. బాగుచేయాలంటే రెండుసార్లు వెనక్కి తిప్పాలి. ఒక్కసారి తిప్పి "రాలేదు" అని వదిలేసిన ఫైళ్లు నేను చూశాను.

ఇప్పుడు అసలు బాధ, ప్రశ్నార్థకాలు. ఇక్కడ తప్పుగా చదవడం లేదు, అసలు రాయనేలేదు. తెలుగుకు చోటు లేని పట్టికలోకి తెలుగును కుక్కబోతే, సాఫ్ట్‌వేరు ఒక్కో అక్షరానికీ ఒక్కో ? పెట్టి చేతులు దులుపుకుంటుంది. రాము అంటే నాలుగు: ర, దీర్ఘం, మ, కొమ్ము. గోపి కూడా నాలుగే. సీత మూడు, రాధ మూడు. లక్ష్మి ఏడు. మా దగ్గరికొచ్చిన ఒక ఫైల్లో పేర్ల గడి నిండా ఇవే ఉంటే, తెచ్చినాయన "ఇందులోంచి పేర్లు తియ్యి" అని కూర్చున్నాడు. ఏడు ప్రశ్నార్థకాలున్నచోట లక్ష్మి అని ఊహించొచ్చు గానీ, ఊహించి పట్టా పుస్తకం ఇవ్వలేం కదా. ప్రశ్నార్థకం వెనక ఏమీ లేదు. ఏ ఫాంటూ, ఏ కన్వర్టరూ దాన్ని తేలేవు.

ఇది రెండు చోట్ల జరుగుతుంది. ఒకటి ఎక్సెల్లోనే. తెలుగు టైపు చేసి Save As లో మామూలు CSV (Comma delimited) ఎంచుకుంటే పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగానే ఫైల్లోకి వెళతాయి. తమాషా ఏమిటంటే, సేవ్ చేసిన మనిషికి తెర మీద అప్పటికింకా తెలుగే కనబడుతూ ఉంటుంది. మూసి మళ్లీ తెరిస్తేనే బండారం బయటపడుతుంది. ఎక్సెల్ 2016 నుంచి CSV UTF-8 (Comma delimited) అని విడిగా ఒక వరస ఉంది, ఎంచుకోవాల్సింది అది.

రెండోది మీ డేటాబేసులో. ఎస్‌క్యూఎల్ సర్వరు వాడే పోర్టల్లో పేరు గడిని nvarchar అని సరిగ్గానే పెట్టినా, ఇన్సర్టు రాసేటప్పుడు ముందు ఒక N అక్షరం మర్చిపోతే చాలు:

```sql
INSERT INTO labdhi (peru) VALUES ('రాము');    -- ????
INSERT INTO labdhi (peru) VALUES (N'రాము');   -- రాము
```

N లేనప్పుడు ఆ పేరు డేటాబేసు పాత కోడ్ పేజీ గుండా పోతుంది, అక్కడ తెలుగుకు చోటు లేకపోతే ????. మైఎస్‌క్యూఎల్‌లో 8.0కు ముందు, విడిగా చెప్పకపోతే పట్టిక latin1లోనే తయారయ్యేది. అప్పటి పట్టికలు ఇంకా నడుస్తుంటే వాటిని, వాటికి కలిసే కనెక్షన్లను utf8mb4కు మార్చాలి. ఇవి ప్రోగ్రామర్లకు తెలియని సంగతులేమీ కావు. ఇంగ్లిష్ పేర్లతో పరీక్షించి బిల్లు పెట్టేస్తున్నారు, గొడవంతా అక్కడుంది.

ఇక పాత ఫాంట్ల సంగతి. ఇది మా డీటీపీ వాళ్ల ఇంటి గొడవ కూడా, కాబట్టి దాచను. అను లాంటి పాత ఫాంట్లలో టైపు చేసిన ఉత్తర్వు తెలుగులా కనబడుతుంది గానీ ఫైల్లో తెలుగు ఉండదు. లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే. వాటికి ఆ ఫాంటు తెలుగు వేషం వేస్తుంది. వర్డ్ ఫైల్లో ఫాంటు పేరు కూడా ఉంటుంది కాబట్టి అది ఉన్న కంప్యూటర్లో బాగానే కనబడుతుంది. వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే ఫాంటు పేరు వెళ్లదు, ఉత్త అక్షరాలే వెళతాయి, వేషం ఊడిపోతుంది. ఇలాంటి ఉత్తర్వులో ఒక పదం కోసం వెతికితే దొరకదు, పేర్లను అకారాది వరసలో పెట్టమంటే ఏదో ఇంగ్లిష్ వరసలో పెడుతుంది.

కనిపెట్టడం తేలిక. వర్డ్‌లో ఒక వాక్యం ఎంచుకుని ఫాంటును Arial అని మార్చండి. తెలుగు తెలుగులాగే నిలబడితే అది యూనికోడ్. గీతలైపోతే పాత ఫాంటు. ఇక్కడ ఫాంటు వేసుకోమనే సలహా పనిచేసినట్టే ఉంటుంది, అందుకే ఆఫీసుల్లో ఆ సలహా అంతగా పాతుకుపోయింది. కానీ ఎంతమంది ఫోన్లలో వేయిస్తారు?

కన్వర్టర్లు ఉన్నాయి, నేనూ రోజూ వాడతాను. వాటితో ఒక మెలిక ఉంది. పాత ఫాంటు ఫైల్లో ఫోన్ నంబర్లు, మెయిల్ ఐడీలు, "జీవో నెం." పక్కన అంకెలు వేరే ఇంగ్లిష్ ఫాంటులో ఉంటాయి. వర్డ్ ఫైలు ఉంటే ఏ ముక్క ఏ ఫాంటులో ఉందో చూసి తెలుగు ముక్కల్నే మార్చొచ్చు. ఆ వివరం చెరిగిపోయి చాట్‌లో పేస్ట్ అయిన గీతలే నా చేతికి వస్తే, ఎక్కడ ఇంగ్లిష్ ఆగి ఎక్కడ తెలుగు మొదలైందో కన్వర్టరుకు తెలియదు. మెయిల్ ఐడీని కూడా తెలుగు చేసి పెడుతుంది. కాబట్టి పాత ఉత్తర్వులు మార్చాలనుకుంటే పేస్ట్ చేసిన పాఠం మీద కాదు, అసలు ఫైళ్ల మీద పని మొదలుపెట్టండి. అవి తయారుచేసిన కంప్యూటర్లు ఫార్మాట్ అయ్యేలోపు.

ఈ-గవర్నెన్స్‌లో భారతీయ భాషలకు యూనికోడే ప్రమాణమని కేంద్ర ఐటీ శాఖ 2009లోనే ప్రకటించింది. అయినా పాత ఫాంట్లు ఎందుకు పోలేదంటే, సోమరితనం ఒక్కటే కారణం కాదు. అచ్చుపనికి పేజ్‌మేకర్ అలవాటైన షాపులు చాలా ఉన్నాయి, దానికి యూనికోడ్ తెలుగు రాదు. ఇండిజైన్‌లో వస్తుంది గానీ, పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో World-Ready Composer ఎంచుకోకపోతే ఒత్తులు పక్కకు వచ్చి నిలబడతాయి. అది తెలియక "యూనికోడ్‌లో ఒత్తులు సరిగ్గా రావు" అని ప్రచారం చేసేవాళ్లున్నారు. ఇంకోటి చేతి అలవాటు. ఏళ్ల తరబడి ఒక కీబోర్డు వరసలో వేళ్లు తిరిగిన ఆపరేటరును ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమంటే అతని వేగం సగమైపోతుంది, జీతం అలాగే ఉంటుంది. పాత వరసల్లోనే యూనికోడ్ టైపు చేసే కీబోర్డు సాధనాలు దొరుకుతున్నాయి. మీ సర్క్యులర్‌లో "యూనికోడ్ వాడవలెను" అనే ముక్కతో పాటు వాటిని కూడా వేయించి ఇస్తే, ఆ సర్క్యులర్ అమలవుతుంది.

పీడీఎఫ్ గురించి ఒక్క మాట. యూనికోడ్‌లో చేసిన పీడీఎఫ్ నుంచి కాపీ చేసినా కొన్నిసార్లు తెలుగు చెదిరిపోయి వస్తుంది. పీడీఎఫ్‌లో ఉండేవి ప్రధానంగా బొమ్మలు. ఏ బొమ్మ ఏ అక్షరమో చెప్పే పట్టిక సరిగ్గా లేకపోతే ఒత్తులూ గుణింతాలూ తారుమారవుతాయి. ఉత్తర్వుతో పాటు దాని పాఠాన్ని వెబ్ పేజీగా కూడా పెడితే, జనం పీడీఎఫ్‌తో కుస్తీ పట్టే పని తప్పుతుంది.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. సీఎస్‌వీ ఇచ్చే ప్రతి బటన్ దగ్గరా ఆ మూడు బైట్ల గుర్తును ఫైలు మొదట్లో పెట్టించండి. మీ ఫారాలకు వచ్చే పేర్లలో à° గానీ à± గానీ, వరసగా రెండు ప్రశ్నార్థకాలు గానీ ఉంటే ఫారం తీసుకోకుండా ఆపించండి. అది రెండు వరుసల కోడు. అప్పుడు తప్పు ఎక్కించే గుమాస్తాకు అక్కడికక్కడే తెలుస్తుంది, లేకపోతే లబ్ధిదారుడికి ఆరు నెలల తర్వాత తెలుస్తుంది. కొత్త పోర్టల్ తీసుకునే ముందు, బిల్లు పాస్ చేసే ముందు, ఈ వరుసను అందులో ఎక్కించి చూడండి:

```
రాము, రామ్, శ్రీలక్ష్మి, భాగ్య, ఏసోబు, ఐలయ్య, ఝాన్సీ, ఠాగూర్, స్త్రీ, జ్ఞానేశ్వర్
```

పైన చెప్పిన చిక్కు బైట్లన్నీ ఇందులో ఉన్నాయి, కష్టమైన ఒత్తులూ ఉన్నాయి. ఫారంలో టైపు చేయండి, సేవ్ చేసి మళ్లీ తెరవండి, సీఎస్‌వీగా దించి ఎక్సెల్లో రెండుసార్లు నొక్కి తెరవండి, సర్టిఫికెట్ పీడీఎఫ్ తీయండి, మెయిల్లో పంపండి, అక్కడి నుంచి కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. ఒక పూట పని. పది పేర్లూ అన్ని చోట్లా అలాగే ఉంటే బిల్లు ఇచ్చేయండి.

ఇప్పటికే చెడిపోయిన రికార్డులను మాత్రం రెండు గుంపులుగా విడదీయించండి. à°లు ఉన్నవాటిని ప్రోగ్రామర్లకు ఇవ్వండి, చాలా పేర్లు తిరిగొస్తాయి. కొమ్ము దగ్గరా, పొల్లు దగ్గరా, పైన చెప్పిన మిగతా అక్షరాల దగ్గరా ఆగిపోయినవాటిని మనుషులు చూడాలి. ప్రశ్నార్థకాలున్నవాటిని మాత్రం ఏ ప్రోగ్రామరుకూ ఇవ్వకండి, టైము దండగ. వాటికి మిగిలిన ఆధారం పౌరులు చేత్తో నింపి ఇచ్చిన దరఖాస్తు కాగితాలే. అవి మండలాఫీసుల్లో మూటలు కట్టి ఉంటాయి, గడువు తీరాక పాత కాగితాల కింద తూకానికి పోతాయి. ఏ జాబితాలో ప్రశ్నార్థకాలున్నాయో చూసి, ఆ జాబితాల దరఖాస్తులను తూకానికి వేయొద్దని ఈ వారమే ఒక మెమో ఇవ్వండి. దయచేసి ఆ మెమోను యూనికోడ్‌లో టైపు చేయించండి.

ఇట్లు,
ఒక డీటీపీ షాపు యజమాని